భీమిలి నాటిక: టీచరమ్మ ఆ అరుగు ఎందుకెక్కుతుంది? మొదటి ఇరవై నిమిషాలు నిలబడట్లేదు

గోస్తనీ_ఒడ్డు

పరిషత్తు పోటీకి నాటిక రాస్తున్నాను. గంట దాటకూడదు, ఒకటే సెట్టు, ఆరుగురు నటులు. కథ జరిగేది భీమిలిలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పాత పెంకుటింటి అరుగు మీద. రిటైరైన తెలుగు టీచరమ్మ, అరవై మూడేళ్లు, భర్త పోయి రెండేళ్లయింది, కొడుకు న్యూజెర్సీలో. ఆ అరుగు మీద రోజూ సాయంత్రం ఒకాయన పదిమందిని కూర్చోబెట్టి గంటసేపు మౌనం చేయిస్తాడు, తర్వాత కాసేపు మాట్లాడతాడు. అందరూ ఆయన్ని "అన్నయ్య" అంటారు. కాషాయం లేదు, దేవుడి పటం లేదు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: జబ్బులన్నీ భయంలోంచి పుడతాయి, భయం పోతే మందులక్కర్లేదు. టీచరమ్మకి షుగరు. మాత్రలు మానేస్తుంది, చివరికి కాలికి ముప్పొస్తుంది.

చిక్కెక్కడంటే, స్క్రిప్టు విన్నవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినావిడ వీణ్ణెలా నమ్మింది? వీడు దొంగని మొదటి రంగంలోనే తెలిసిపోతోందిగా?" మొదటి రంగంలో అన్నయ్యకి ఏడు నిమిషాల ఉపన్యాసం ఉంది. దాన్ని ఇంకా పదునుగా రాయాలా, లేకపోతే లోపం వేరేచోట ఉందా?

ఎర్రమట్టిదిబ్బ

భీమిలిలో ఎక్కడండీ ఇది? బీచ్ రోడ్డు మీదా, లోపలా? ఇలాంటి వాళ్ల గురించి ముందు స్టేషన్లో చెప్పాలి గానీ నాటిక రాస్తే ఏమొస్తుంది. కొడుకు నంబరుంటే వెంటనే ఫోన్ చేసి చెప్పండి. మందులు మాన్పించడం చిన్న నేరం కాదు.

గోస్తనీ_ఒడ్డు

అయ్యా, టీచరమ్మ లేదు, కొడుకూ లేడు. కల్పన.

ఎర్రమట్టిదిబ్బ

సరే. అయితే చివర్లో పోలీసులొచ్చి పట్టుకెళ్లే రంగం తప్పకుండా పెట్టండి. జనానికి సంతృప్తి ఉండాలి.

కొండగాలి

ఉపన్యాసాన్ని తీసేయకండి, దాని పని తీరు మార్చండి. ఇలాంటి నాయకుల బలమంతా చూపులో, గొంతులో ఉంటుంది. ఒకరకం వశీకరణ అది. నెమ్మదైన మాట, ఒకే లయ, మళ్లీ మళ్లీ వచ్చే ఒకే పదం. మనిషి ఆలోచన ఆగిపోతుంది. స్టేజీ మీద లైట్లు తగ్గించి ఆయన ముఖం మీద ఒక్క లైటు వేసి, వెనక తంబురా శ్రుతి పెడితే ప్రేక్షకుడు కూడా అందులో పడతాడు. మెదడు కడిగేశాక ఆవిడ ఎందుకు నమ్మిందన్న ప్రశ్నే రాదు.

ప్రాంప్టర్

కొండగాలి గారి మాటలో సగం నిజముంది. నిద్ర లేకుండా, కడుపుకి సరిగా పెట్టకుండా, రోజంతా జపమో పాటో చేయిస్తే మనిషి విచక్షణ తగ్గుతుంది. అయితే అది అక్కడే పడుకుని అక్కడే తినే ఆశ్రమాల్లో పనికొచ్చే ఎత్తు. ఈ నాటికలో జనం ఏడున్నరకి ఇంటికెళ్లి పప్పు తాలింపు పెట్టుకుంటున్నారు. అక్కడ వశీకరణ అతకదు.

ఇంకోటి. అంత బలమైన వశీకరణే ఉంటే వచ్చినవాళ్లంతా చేరిపోవాలి. 1970ల చివర్లో లండన్లో ఐలీన్ బార్కర్ అనే సామాజిక శాస్త్రవేత్త, కొరియాలో పుట్టిన ఒక మత సంస్థ శిబిరాలకి వచ్చిన వెయ్యిమందికి పైగా జనాన్ని లెక్కలోకి తీసుకుని గమనించింది. చేరినవాళ్లు పదిమందిలో ఒక్కరు, మహా అయితే. చేరినవాళ్లలో కూడా చాలామంది రెండేళ్లలో బయటికొచ్చేశారు. అంటే నాయకుడు మనుషుల్ని మార్చెయ్యట్లేదు, జల్లెడ పడుతున్నాడు. ఇది మీ నాటికకి రెండు విధాల పనికొస్తుంది. ఒకటి, వచ్చి రెండు రోజులుండి వెళ్లిపోయే పాత్ర ఒకటి కావాలి. రెండు, టీచరమ్మ మిగిలిపోవడానికి కారణం ఆయన మాటలో వెతక్కూడదు, ఆవిడ సాయంత్రంలో వెతకాలి.

అందుకే ఆ ఏడు నిమిషాలూ కొట్టేయండి. అన్నయ్య తొమ్మిదో నిమిషం దాకా స్టేజీ మీదకి రాకూడదు. ఆవిణ్ణి తీసుకొచ్చేది ఆయన కాదు, పక్కవీధి కుర్రాడు. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఉందిగా, ఆవిడకి ఫోన్లో అవట్లేదు, వేలిముద్ర పడట్లేదు. కొడుకు అటునుంచి చెప్తే అర్థం కాలేదు. కుర్రాడు వచ్చి పది నిమిషాల్లో చేసి పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "సాయంత్రం మా అరుగు దగ్గరికి రండి, టీ తాగుదురు గానీ" అన్నాడు. అంతే. ఇందులో మోసం ఎక్కడుంది? లేదు. ఉండకూడదు. ఆ కుర్రాడు నిజంగానే మంచివాడు. ఇలాంటి గుంపుల్లోకి మనుషులు ముందు మనుషుల కోసం వెళ్తారు, నమ్మకం వెనకాల నడుచుకుంటూ వస్తుంది. సిద్ధాంతం నచ్చి చేరారని మనం అనుకుంటాం, అది తలకిందులు.

పూర్ణా మార్కెట్

ఏటండీ, ఇరవై నిమిషాలు టీలు తాగి కూకుంటే పరిషత్తు జడ్జీలు నిద్రోతారు. జరగాల కదా ఏదో ఒకటి.

ప్రాంప్టర్

జరుగుతుంది. ఆవిడకి ఉద్యోగం తిరిగొస్తుంది.

అన్నయ్య వచ్చాక ఆవిడతో చెప్పే మొదటి పెద్ద మాట ఇది: "టీచర్ గారూ, ఇక్కడ ఎవరొస్తున్నారో ఎవరు రావట్లేదో నాకు గుర్తుండి చావదు. మీరు హాజరుపట్టీ రాస్తారా?" చూడండి, డబ్బడగలేదు. భక్తడగలేదు. రిజిస్టరు చేతిలో పెట్టాడు. రిటైరైన టీచరుకి అంతకన్నా ఏం కావాలి? ఆవిడ స్కేలు తెచ్చి గళ్లు గీస్తుంది, ఎర్రసిరాతో తేదీలేస్తుంది. హాల్లో నవ్వులొస్తాయి, ఆవిడంటే ఇష్టమూ కలుగుతుంది.

ఈ రిజిస్టరే తర్వాత ఆయుధం. రెండో వారంలో ఆవిడే అడుగుతుంది, "నిన్న రాలేదేం?" అని. ప్రేమగానే అడుగుతుంది, బళ్లో అడిగినట్టే. ఇక అన్నయ్య ఎవర్నీ నిలదీయక్కర్లేదు. ఒంటరితనం వల్ల చిక్కిన మనిషే ఇంకో ఒంటరి మనిషిని పట్టి ఉంచడం, మీ కథలో గుండెకాయ అదే అనిపిస్తోంది నాకు. అన్నయ్య ఉపన్యాసం ఎంత పదునుగా రాసినా అది రాదు.

అడిగే సాయాల క్రమం కూడా చూసుకోండి. 1966లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. ఇంటి ముందు పెద్ద, వికారమైన బోర్డు పాతుకోనిస్తారా అని నేరుగా అడిగితే నూటికి పదిహేడు మందే సరేనన్నారు. అదే పని, రెండు వారాల ముందు అరచేయంత చిన్న బోర్డుకి ఒప్పుకున్నవాళ్లని అడిగితే డెబ్బై ఆరుగురు సరేనన్నారు. మీ నాటికలో చిన్న బోర్డు హాజరుపట్టీ. ఆ తర్వాత ఫ్లాస్కులో టీ. ఆ తర్వాత "వానొచ్చేలా ఉంది, ఇవాళ మీ ఇంటి వసారాలో కూర్చుందామా". ఇంటితాళం దాకా వెళ్లేసరికి అడగాల్సిన పనే ఉండదు, ఆవిడే ఇస్తుంది.

సంపెంగ_శ్రీకాకుళం

నటించేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఈ కథలో పిలుపులే స్క్రిప్టు. మొదట్లో ఆయన "టీచర్ గారూ, మీరు". నాలుగైదు వారాలకి "అమ్మా, మీరు". ఫోను రంగం తర్వాత ఒకచోట నోరు జారినట్టు "నువ్వు" అనాలి, ఎవరూ పట్టించుకోకూడదు. ఆవిడ వైపు చూస్తే, మొదట "ఏవండీ", తర్వాత "బాబూ", ఎందుకంటే ఆయన ఆవిడకన్నా కనీసం పదిహేనేళ్లు చిన్న. చివరికి "అన్నయ్యా". అరవై మూడేళ్లావిడ నలభై అయిదేళ్లవాణ్ణి అన్నయ్యా అని మొదటిసారి పిలిచినప్పుడు హాలు ఉలిక్కిపడాలి. దాన్ని మామూలు వాక్యంలో పెట్టండి, "అన్నయ్యా, టీ చల్లారిపోతోంది" లాంటి దాంట్లో. ఏడుస్తూ, కాళ్లమీద పడుతూ పెట్టారంటే చెడిపోతుంది.

గోస్తనీ_ఒడ్డు

రిజిస్టరు అద్భుతం, పెట్టేస్తున్నా. పిలుపులు కూడా. కొడుకుతో తెగిపోయే రంగం గురించి చెప్పండి. ఇప్పుడున్న దాంట్లో అన్నయ్య "రక్తబంధం ఒక గొలుసు, తెంచుకో" అంటాడు, ఆవిడ ఫోను విసిరేస్తుంది. బలంగా ఉందనే అనుకుంటున్నా.

పూర్ణా మార్కెట్

ఓలమ్మో, విసిరేత్తే ప్రతి షోకీ ఒక ఫోను కొనాల.

రీలు_మాస్టర్

నాదీ ఇంచుమించు ఇలాంటిదే, పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్. పరవాడ ఫార్మా కంపెనీలో పనిచేసే అమ్మాయి, హాస్టల్లో ఉంటుంది, నాయకురాలు ఒక అక్క. నేనూ "ఇంటికి ఫోన్ చేయొద్దు" అనే డైలాగే పెట్టాను. నాటిక సంగతి ఏమో గానీ సినిమాలో పనిచేస్తుందిగా?

ప్రాంప్టర్

రెండింట్లోనూ పనిచేయదు. నిషేధం వినగానే చూసేవాడు "లేచి వెళ్లిపో తల్లీ" అనుకుంటాడు, ఆవిడ వెళ్లకపోతే ఆవిణ్ణే తెలివితక్కువదంటాడు. మీకొచ్చిన మొదటి ఫిర్యాదు అదేగా.

గడియారాన్ని వాడుకోండి. కొడుకు ఆఫీసుకెళ్లే ముందు, న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేస్తాడనుకుందాం. వేసవిలో అది మనకి సాయంత్రం అయిదున్నర. అరుగు ఆరింటికి మొదలు. కొడుకుతో మాట్లాడి, చీర సర్దుకుని ఆవిడ బయల్దేరుతుంది, ఏ గొడవా లేదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. కొడుక్కి మాత్రం ఎప్పట్లాగే ఎనిమిది. మనకి ఆరున్నర. మౌనం సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ఫోను మోగుతుంది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. ఇక్కడ అన్నయ్య చెయ్యాల్సింది మంచివాడిగా ఉండటం మాత్రమే.

(చాపల మీద అందరూ. మౌనం. ఫోను మోగుతుంది.)

టీచరమ్మ: అయ్యో... మావాడు.

అన్నయ్య: తీయండమ్మా. పిల్లాడు అంతదూరం నుంచి చేస్తున్నాడు. మేం ఆగుతాం.

(ఎవరూ కదలరు. కళ్లు తెరిచి ఆమెనే చూస్తుంటారు, చిరునవ్వుతో.)

టీచరమ్మ: ఆఁ నాన్నా... బావున్నా... తిన్నాను... ఇంకా లేదు, తింటాను... ఇక్కడ... సరే, మళ్లీ చేస్తాలే.

అన్నయ్య: అప్పుడే పెట్టేశారా? ఇంకాసేపు మాట్లాడాల్సింది.

పదిమంది నవ్వుతూ ఎదురుచూస్తుంటే కన్నకొడుకుతో ఎవరు మాట్లాడగలరు? మర్నాడు మోగినప్పుడు ఆవిడ తనంతట తనే సైలెంట్‌లో పెడుతుంది. మూడోరోజు ఫోను ఇంట్లో వదిలేసి వస్తుంది. అన్నయ్య ఆ సంగతి గమనించి ఏమీ అనడు, రిజిస్టరు కాస్త ఆవిడ వైపు జరుపుతాడు. కొడుకు ఆరున్నరకి కాకుండా మరో గంటకి చేయొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. అడగకుండా కొడుకు పాత్రకీ రెండు మాటలివ్వండి, "ఆఫీసు మీటింగుంటుందమ్మా" అని. ఇద్దరికీ ఎవరి టైము వాళ్లకుంది.

రీలు_మాస్టర్ గారికి: హాస్టలు పిల్లకి ఇలాంటి గడియారం షిఫ్టులో దొరుకుతుంది. నైట్ షిఫ్టు పడ్డ వారం ఇంట్లోవాళ్లు లేచేసరికి తను పడుకుంటుంది. అక్క ఆ వారమే పక్కన కూర్చోవాలి.

రీలు_మాస్టర్

అమ్మో. నోట్ చేసుకున్నా.

కొండగాలి

సరే, వశీకరణ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నాయకుడిలో ఆకర్షణ ఉండాలి కదండీ! మీరు చెప్తున్నదాంట్లో ఆయన పక్కింటి అంకుల్లా ఉన్నాడు.

సంపెంగ_శ్రీకాకుళం

ఆకర్షణ అంటే ఎదుటివాళ్లు చెప్పింది గుర్తుపెట్టుకోవడం. అంతకన్నా ఏం లేదు, నటుడికి చెప్పాల్సిందీ అదే. మూడో నిమిషంలో టీచరమ్మ కుర్రాడితో మాటవరసకి అంటుంది, తన భర్తకి రేగొడియాలంటే ఇష్టమని. ఇరవయ్యో నిమిషంలో అన్నయ్య ఒక పొట్లం విప్పి "ఇవాళ సారు తిథి కదమ్మా" అంటాడు. మీకు అన్నయ్యగా వేసే నటుడు తను మాట్లాడేటప్పటికన్నా ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు బావుండాలి. ఆడిషన్లో డైలాగు చెప్పించకండి, రెండు నిమిషాలు ఎదుటివాడు చెప్పింది వినమనండి.

గోస్తనీ_ఒడ్డు

ఆ తిథి సంగతి ఆయనకెలా తెలిసిందో ప్రేక్షకుడికి చూపించాలా, దాచాలా?

ప్రాంప్టర్

చూపించండి. కుర్రాడు ఆయనకి చెప్పడం రెండు ముక్కల్లో చూపించేయండి. దాస్తే మహిమలా ఉంటుంది, తర్వాత బయటపెట్టినప్పుడు మోసంలా ఉంటుంది. ముందే తెలిస్తే చూసేవాడు చిక్కులో పడతాడు: తెలుసుకుని మరీ రేగొడియాలు తెచ్చాడు, ఇది ప్రేమా, ఎరా?

సంపెంగ_శ్రీకాకుళం

నేను ఒప్పుకోను. చూపిస్తే మన మనసు టీచరమ్మ కన్నా ముందు నడుస్తుంది, ఆవిణ్ణి పైనుంచి చూస్తాం. ఆవిడతో పాటే మోసపోవాలి మనం.

మందుల_చీటీ

నాటకం సంగతి మీరు చూసుకోండి, షుగరు సంగతి నేను చెప్తాను. ఫార్మసిస్టుని. ఇప్పుడున్న కథలో "మాత్రలు మానేసింది, వారంలో కాలు కుళ్లింది" అని ఉంటే మాత్రం హాల్లో సగంమంది షుగరున్నవాళ్లే, నవ్వుతారు.

ఆవిడకి రెండో రకం షుగరనుకుందాం, రోజుకి రెండు పూటలా మెట్‌ఫార్మిన్. అరుగుకి వెళ్లడం మొదలెట్టాక ఏం మారింది? ఒంటరిగా టీవీ చూస్తూ పదింటికి తినే మనిషి ఎనిమిదింటికల్లా తింటోంది. తిన్నాక గుంపుతో కలిసి ఇసకలో అరగంట నడుస్తోంది. ఈ రెండింటికీ షుగరు నిజంగానే తగ్గుతుంది. పరగడుపున నూట ఎనభై ఉండేది నెలా నెలన్నరలో నూట నలభైకి వచ్చిందంటే నమ్మొచ్చు. అన్నయ్య అబద్ధం చెప్పట్లేదు, అంకె నిజంగా తగ్గింది. ఆయన తప్పల్లా కారణం దగ్గర. తగ్గించింది నడక, తొందరగా తినడం. ఆయన మౌనం అనుకున్నాడు.

ఇప్పుడు మాత్ర ఒక పూట మానమన్నాడు. ఏమవుతుంది? మొదట్లో బావుంటుంది! మెట్‌ఫార్మిన్ కొంతమందికి కడుపుబ్బరం, విరేచనాలు తెస్తుంది. మానగానే కడుపు తేలికపడుతుంది. షుగరు మెల్లిగా పెరుగుతుంది గానీ మనిషికి వారాల తరబడి ఏమీ తెలియదు. ఆ వారాలన్నీ అన్నయ్య ఖాతాలో పడతాయి. తర్వాత దాహం, రాత్రి మూడు నాలుగు సార్లు లేవడం, చూపు మసక. ఇవి వయసని సరిపెట్టుకోవచ్చు.

కాలి సంగతి. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకి అరికాలు మొద్దుబారి ఉంటుంది. చెప్పుల్లేకుండా ఇసకలో నడవడం మీ గుంపు అలవాటుగా పెట్టండి. గుల్ల గుచ్చుకుంటుంది, ఆవిడకి తెలియనే తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఏం లేదనుకుంటుంది. గాయం మానకపోవడానికి, చీము పట్టడానికి వారాలు పడుతుంది, కాబట్టి రంగానికీ రంగానికీ మధ్య టైము ఇవ్వండి. సెప్టెంబరులో చేరింది, నవంబరులో ఫోను, డిసెంబరు మొదట్లో మాత్రలు, సంక్రాంతికి కట్టు, ఫిబ్రవరిలో ఆస్పత్రి. అలా అయితే నేను నమ్ముతాను.

పొరపాటున కూడా ఆవిడ ఇన్సులిన్ మీదే బతికే మొదటి రకం అని రాయకండి. అది మానేస్తే ఒకట్రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస మొదలై ప్రాణం మీదకొస్తుంది. మీ కథకి కావాల్సిన ఆ మోసపూరితమైన నెలలు దొరకవు.

పూర్ణా మార్కెట్

కడుపు తేలికవడం బావుందండి. "అన్నయ్య చెప్పినాక కడుపు కూడా బాగైపోనాది" అని ఆయమ్మే నలుగురికీ చెప్తాది.

స్టేజీకి ఒకటి. కట్టు ప్రతి రంగానికీ పెద్దదవుద్ది కదా, వెనక బెంచీ వోడికి కనపడదు. అగరొత్తులెట్టండి. మొదట ఒకటి, తర్వాత రొండు, ఆఖరికి కట్ట మొత్తం. కంపు మాట ఎవుడూ అనడు, ఒత్తులెలిగిత్తారు. హాల్లో ముందు వరసకి వాసన కూడా తగుల్తాది.

గోస్తనీ_ఒడ్డు

ఇది నాకు తట్టనే లేదు. వెలిగించేదెవరు?

పూర్ణా మార్కెట్

ఆ కుర్రోడే. పెన్షన్ కాయితం చేసిపెట్టినోడు.

ప్రాంప్టర్

మందుల_చీటీ గారు చెప్పిన దాంట్లోంచి మీ నాటిక మలుపు బయటికి లాగండి. అంకె తగ్గుతున్నన్నాళ్లూ అన్నయ్యకి గ్లూకోమీటరంటే ఇష్టం. రిజిస్టర్లో కొత్త గడి గీయిస్తాడు, టీచరమ్మ ప్రతి ఉదయం అంకె రాస్తుంది, అందరూ చప్పట్లు. మాత్రలు మానాక మూడోవారం రెండొందల పది వస్తుంది. ఆయన ఆ గడిని చూస్తాడు. ఒక్క క్షణం. తర్వాత అంటాడు: "రోజూ వేలు గుచ్చుకుంటున్నావు కదమ్మా, అది కూడా భయమే." మీటరు మూలకెళ్తుంది. సంపెంగ గారన్న ఆ "వు" ఇక్కడే జారనివ్వండి.

అంతవరకూ ఆయన పొరబడ్డ మనిషి. ఆ వాక్యంతో తప్పు చేసిన మనిషి. ఆయన డబ్బు తినక్కర్లేదు, ఆడవాళ్ల మీద చెయ్యి వేయక్కర్లేదు. లెక్క తనకి ఎదురు తిరిగినప్పుడు లెక్కని ఆపేశాడు, చాలు. ఇలాంటి గుంపు తప్పుదారి పట్టిందని బయటివాడు గుర్తుపట్టేది కూడా అక్కడే: ఫలితం బావుంటే సిద్ధాంతం గొప్పది, బాలేకపోతే నీ భయం పోలేదు. ఏది జరిగినా ఆయన ఓడడు.

ఆ రెండు రోజులొచ్చి వెళ్లే పాత్ర ఇక్కడ తిరిగిరావాలి. పోర్టులో పనిచేసి రిటైరైనాయన, టిఫిన్ కోసం వచ్చే రకం, జోకులేస్తాడు. రెండొందల పది విని "టీచరమ్మా, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చేయండి, తొమ్మిదొందల కే బస్సు ఎదురుగానే ఉంది" అంటాడు. 1950ల్లో ఆష్ అనే ఆయన గీతల ప్రయోగంలో తేలింది ఇదే. గదిలో అందరూ తప్పు చెప్తుంటే కొత్తమనిషి మూడోవంతు సార్లు వాళ్లతో కలిసిపోతాడు. పక్కన ఒక్కడు నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా పడిపోతుంది. కాబట్టి ఆ ఒక్కణ్ణీ బయటికి పంపడం అన్నయ్యకి అవసరం. తిట్టి పంపకూడదు. "ఆయన మనసు ఇంకా సిద్ధంగా లేదు, పాపం" అంటాడు, అందరూ జాలిగా చూస్తారు. హాజరుపట్టీలో ఆ పేరు మీద గీత కొట్టాల్సింది టీచరమ్మ. స్కేలు పెట్టి, నీటుగా కొడుతుంది.

కొండగాలి

ఆగండి. ఆ క్షణంలో తను తప్పు చేస్తున్నట్టు అన్నయ్యకి తెలుసా, తెలియదా? నటుడు అడుగుతాడు.

ప్రాంప్టర్

తెలియదనుకునే వేయమంటాను. ఇరవై ఏళ్ల క్రితం ఆయన తన తల్లిని ఆస్పత్రిలో పోగొట్టుకుని ఉండొచ్చు, ఆ కోపమే సిద్ధాంతమై ఉండొచ్చు. అది చెప్పించొద్దు గానీ నటుడి మనసులో ఉండాలి.

సంపెంగ_శ్రీకాకుళం

నేను తెలుసనే వేయిస్తాను. మీరే అన్నారు ఒక్క క్షణం ఆ గడిని చూశాడని. ఆ క్షణంలో తెలిసింది. తర్వాత మర్చిపోయాడు, కావాలనే. తల్లి చావు లాంటి కారణమిస్తే ప్రేక్షకుడు ఆయన్ని క్షమించేస్తాడు.

ఎర్రమట్టిదిబ్బ

ఇంత చర్చా అయ్యాక కూడా పోలీసులు రారా? 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం ఉంది. అందులో నయం చేస్తామని ప్రచారం చెయ్యకూడని జబ్బుల పట్టికలో షుగరు కూడా ఉంది. నోటితో చెప్పినా ప్రకటన కిందికే వస్తుంది.

మందుల_చీటీ

చట్టం ఉంది, నిజమే. కానీ ఈయన ఏ మందూ అమ్మలేదు, తాయెత్తు కట్టలేదు. అరుగు మీద కూర్చుని "భయపడకు" అన్నాడు. కేసు నిలబడుతుందా అన్నది లాయరు చెప్పాలి. సాక్ష్యం ఎవరు చెప్తారు? ఆవిడ చెప్పదు.

ఎర్రమట్టిదిబ్బ

చెప్పదా?

సంపెంగ_శ్రీకాకుళం

చెప్పదు. ఆస్పత్రి మంచం మీంచి కూడా కుర్రాణ్ణి అడుగుతుంది, రిజిస్టరు ఎవరు రాస్తున్నారని.

గోస్తనీ_ఒడ్డు

రెండు రోజులు కూర్చుని మళ్లీ రాశాను. ఉపన్యాసం పోయింది. అన్నయ్య తొమ్మిదో నిమిషంలో వస్తున్నాడు, మొదటి ఇరవై నిమిషాల్లో ఆయనకి మొత్తం పదకొండు మాటలే. తిథి సంగతి చూపించాలా వద్దా అన్నదానికి రెండు రకాలూ రాసి పెట్టుకున్నాను, రిహార్సల్లో తేలుస్తా. ఆస్పత్రి రంగం సెట్టు మార్చకుండా ఎలా అన్నదే మిగిలింది. అరుగు మీదే, ఆవిడ చోటు ఖాళీగా ఉంచి, కుర్రాడు ఫోన్లో ఆవిడతో మాట్లాడుతున్నట్టు పెడితే? సాయంత్రం ఆరున్నర. మౌనం మధ్యలో మోగుతుంది. అన్నయ్య "తీయి నాన్నా, మేం ఆగుతాం" అంటాడు.

ప్రాంప్టర్

పెట్టండి. ఆవిడ గొంతు వినిపించకండి. కుర్రాడు ఎంతసేపు మాట్లాడతాడో అదొక్కటే మాకు తెలియాలి.

పూర్ణా మార్కెట్

ఫోను మోత మాత్రం టేపులోంచి ఒద్దు. నిజం ఫోను చాప కింద ఎట్టండి, రింగుతో పాటు కదల్తాది. రిజిస్టరు కూడా బడిదే కొనండి, అట్ట గట్టిది. తెల్లకాయితాలు కుట్టింది తెత్తే గీత కొట్టినప్పుడు చప్పుడు రాదు.